బయోలో వినయం ఎక్కువైందని మేనేజర్ అన్నప్పుడు: దాన్ని తిరగరాసే పద్ధతి, ఒక ఉదాహరణతో

ఉద్యోగి తన పని గురించి రాసిచ్చిన చిన్న పరిచయాన్ని, అంటే బయోను, చదివి మేనేజర్ "ఇందులో వినయం మరీ ఎక్కువైంది, కాస్త మార్చి పంపండి" అన్నప్పుడు చాలామంది చేసే మొదటి పని విశేషణాలను చేర్చడం. "అనుభవజ్ఞురాలు", "నిష్ణాతుడు", "విశేష ప్రతిభ గల" వంటి మాటలు రెండు మూడు వచ్చి చేరతాయి. పాత వాక్యాలు మాత్రం పాత చోటనే ఉండిపోతాయి. ఫలితంగా బయో మొదటి సగం గొప్పలు చెప్పుకుంటున్నట్టు, రెండో సగం క్షమాపణ అడుగుతున్నట్టు తయారవుతుంది. మేనేజర్ ఆ మాట అన్నప్పుడు సాధారణంగా అడుగుతున్నది పొగడ్త కాదు. ఈ మనిషి స్వయంగా ఏం చేశారో, దాని వల్ల ఏం మారిందో బయో చదివినవారికి తెలియడం లేదన్నదే ఆ వ్యాఖ్యకు అసలు అర్థం. అందువల్ల సవరణ ప్రధానంగా క్రియాపదాలలోను, వాస్తవాలలోను, వాక్యాల వరుసలోను జరగాలి.

ఈ పద్ధతిని వివరించడానికి ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరి వరకు తీసుకుందాం. ఇది వివరణ కోసం కల్పించినది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే సీనియర్ టెస్ట్ ఇంజినీర్ ఒకామె ఉన్నారు. ఆమె సంస్థ ఒక కొత్త క్లయింటుకు ప్రతిపాదన పంపుతోంది. పనిచేయబోయే బృంద సభ్యుల బయోలు అందులో ఒక పేజీలో ఉంటాయి. ఒక్కొక్కరికి 80 పదాల వరకు చోటు ఉంది. ఆమె మొదట రాసిచ్చిన బయో ఇది:

"నేను గత కొన్నేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ రంగంలో పనిచేస్తున్నాను. బిల్లింగ్‌కు సంబంధించిన పలు ప్రాజెక్టులలో నా వంతు సహకారం అందించే అవకాశం లభించింది. టెస్టింగ్‌ను ఆటోమేట్ చేసే ప్రయత్నంలో మా బృందానికి కొంత సహాయపడ్డాను. కొత్తగా చేరినవారికి నాకు తెలిసిన కొద్దిపాటి విషయాలు చెబుతుంటాను. మంచి సీనియర్ల దగ్గర పనిచేసే అదృష్టం కలిగింది. ఇంకా నేర్చుకోవలసింది ఎంతో ఉంది. తీరిక వేళల్లో పుస్తకాలు చదవడం ఇష్టం."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఈ ఏడు వాక్యాలు చదివిన క్లయింటుకు ఆమెను ఈ పనికి ఎందుకు ఎంచుకున్నారో అర్థం కాదు.

మొదటి మెట్టు: మేనేజర్ మాటలోని అసలు ఫిర్యాదును తెలుసుకోవడం

"వినయం ఎక్కువైంది" అనే వ్యాఖ్యకు కనీసం మూడు అర్థాలు ఉండవచ్చు. వాస్తవాలు ఉన్నా వాటిని చెప్పిన తీరు బలహీనంగా ఉందన్నది ఒకటి. చెప్పవలసిన ముఖ్యమైన వాస్తవమే బయోలో లేదన్నది రెండోది. అదే పేజీలోని మిగతావారి బయోల పక్కన ఇది చిన్నబోయి, ఆ వ్యక్తి హోదా తక్కువేమో అనిపిస్తోందన్నది మూడోది. మొదటిదానికి వాక్యాలు మార్చాలి, రెండోదానికి సమాచారం తేవాలి, మూడోదానికి మిగతా బయోలను చూసి వాటి తీరుకు దీన్ని తేవాలి. ఏది కావాలో తెలియకుండా కూర్చుని తిరగరాస్తే రెండోసారి, మూడోసారి కూడా అదే వ్యాఖ్య తిరిగి వస్తుంది.

కాబట్టి కలం పట్టే ముందు మేనేజర్‌ను రెండు ప్రశ్నలు అడగడం మంచిది. అవి సూటిగా ఉండాలి; "ఎలా మార్చమంటారు?" అని అడిగితే "కొంచెం ధీమాగా రాయండి" అన్న జవాబే వస్తుంది, అది ఎందుకూ ఉపయోగపడదు. మన ఉదాహరణలో సంభాషణ ఇలా సాగిందనుకుందాం.

"ఈ బయో చదివాక క్లయింటు నా గురించి ఏ విషయం నమ్మాలని మీరు అనుకుంటున్నారండీ?"

"సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ రిలీజ్‌కు ముందు సరిచూసే బాధ్యత మీ చేతిలో ఉంటుందని, అది మీరు చేయగలరని వాళ్లు నమ్మాలి. అంతే."

"ఇప్పుడున్న దాంట్లో మీకు ఎక్కడ ఇబ్బంది అనిపించింది?"

"ఆటోమేషన్ మొత్తం మీరే మొదలుపెట్టారు కదా. ఇక్కడేమో కొంత సహాయపడ్డానని రాశారు. ఇది చదివితే వేరెవరో చేశారనుకుంటారు."

ఈ రెండు జవాబులతో పని సగం తేలికవుతుంది. బయో దేనిని రుజువు చేయాలో మొదటి జవాబు చెప్పింది, ఏ వాక్యం దగ్గర అది విఫలమైందో రెండోది చెప్పింది. మిగతావారి బయోలను కూడా అడిగి తీసుకోవాలి. అవి ప్రథమ పురుషలో, అంటే "ఈమె", "వీరు" అంటూ ఉంటే, మీది మాత్రం "నేను" అంటూ ఉండడం కూడా తేడాగా కనిపిస్తుంది. తన గురించి తాను "చేశారు", "రూపొందించారు" అని గౌరవ బహువచనంలో రాసుకోవడానికి చాలామందికి చేయి రాదు, ఆ బిడియం సహజమే. కానీ ఆ పేజీని సంస్థ రాసినట్టుగానే పాఠకుడు చదువుతాడు కాబట్టి, అక్కడ ఆ గౌరవ వాచకం ఆత్మస్తుతిగా వినిపించదు.

రెండో మెట్టు: పాత బయోలో వినయం ఎక్కడ దాగి ఉందో గుర్తించడం

పాత బయోను కాగితం మీద ముద్రించుకుని, వాక్యం తర్వాత వాక్యం చదువుతూ, చేసిన పనిని చిన్నదిగా చూపే ప్రతి మాట కిందా గీత గీయాలి. ఈ దశలో ఏదీ మార్చకూడదు. గుర్తించడం, మార్చడం ఒకేసారి చేస్తే మొదటి రెండు వాక్యాలు చక్కబడతాయి, మిగిలినవాటి మీద ఓపిక అయిపోతుంది.

సులువుగా కనిపించేవి పరిమాణాన్ని తగ్గించే మాటలు: కొంత, కొద్దిపాటి, చిన్న, నా వంతు, ఏదో నాకు తెలిసినంతలో. వీటిని కొట్టేస్తే చాలు, వాక్యానికి నష్టం ఉండదు. "పలు", "గత కొన్నేళ్లుగా" వంటివి కూడా ఈ జాబితాలోకే వస్తాయి. ఇవి వినయపు మాటలని మనకు తట్టదు గానీ, లెక్క చెప్పగలిగిన చోట లెక్క దాచడం కూడా తగ్గించుకోవడమే.

అంత సులువుగా కనిపించనివి చేసిన మనిషిని మాయం చేసే వాక్యాలు. మన భాషలో కర్తను వదిలేసినా వాక్యం చక్కగా నిలబడుతుంది; "స్క్రిప్టులు తయారయ్యాయి", "వ్యవస్థ అమల్లోకి వచ్చింది", "సమయం తగ్గింది", "ప్రణాళిక రూపొందించబడింది" అని ఎన్ని వాక్యాలైనా రాయవచ్చు, వాటన్నిటిలో ఎవరూ ఏమీ చేసినట్టు ఉండదు. ఉదాహరణలోని "అవకాశం లభించింది", "అదృష్టం కలిగింది" అనేవి ఇదే తరహావి. అక్కడ పని చేసినవారు అందుకున్నవారుగా మారిపోయారు. "మేము చేశాం", "మా బృందం సాధించింది" అన్న వాక్యాలు కూడా బయోలో ఇదే పని చేస్తాయి, ఎందుకంటే ఆ "మేము"లో ఈ వ్యక్తి వాటా ఎంతో పాఠకుడికి తెలిసే దారి లేదు.

చివరిగా, అసలు ఆ చోట ఉండనక్కరలేని వాక్యాలను గుర్తించాలి. సీనియర్ల పట్ల కృతజ్ఞత గొప్ప విషయమే, కానీ 80 పదాల బయోలో అది వేరొకరి బయోకు స్థలం ఇవ్వడమవుతుంది. "ఇంకా నేర్చుకోవలసింది ఎంతో ఉంది" అన్న వాక్యం క్లయింటు చదివే పేజీలో ప్రత్యేకంగా నష్టం చేస్తుంది. రాసినవారు దాన్ని మర్యాదగా రాస్తారు, చదివినవారు దాన్ని హెచ్చరికగా తీసుకుంటారు.

ఉదాహరణలోని ఏడు వాక్యాలలో చివరి మూడు ఇలా పూర్తిగా తొలగిపోతాయి. మొదటి నాలుగింటిలో ప్రతిదాని వెనుకా చెప్పని వాస్తవం ఒకటి ఉంది. తర్వాతి మెట్టు దాని కోసమే.

మూడో మెట్టు: వాస్తవాల పట్టీ

ఈ పని మొత్తంలో ఎక్కువ సమయం పట్టేది ఇదే, పట్టవలసింది కూడా ఇదే. వేరే కాగితం తీసుకుని, మిగిలిన ప్రతి వాక్యానికీ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయాలి. నేను ఆ పనిలోకి రాకముందు పరిస్థితి ఏమిటి? నా చేతితో నేను చేసింది ఏమిటి? ఆ తర్వాత ఏం మారింది? ఈ విషయం నిజమని ఎవరు చెప్పగలరు, లేదా ఎక్కడ రాసి ఉంది? జవాబులు బయో భాషలో ఉండనక్కరలేదు. ముక్కలుగా, మామూలు మాటల్లో ఉంటే ఇంకా మంచిది. బయో రాస్తున్నామన్న స్పృహ ఉన్నంతసేపు వినయం చేయి పట్టుకుంటుంది, ముక్కలుగా రాస్తున్నప్పుడు పట్టుకోదు.

జ్ఞాపకం మీద ఆధారపడకూడదు. పాత వార్షిక మదింపు పత్రాలు, రిలీజ్ రికార్డులు, పనులు నమోదు చేసే ట్రాకర్, ప్రాజెక్టు ముగిసినప్పుడు వచ్చిన ఈమెయిళ్లు తిరగేయాలి. తమను తాము తగ్గించుకునేవారికి చేసిన పని తక్కువగా గుర్తుంటుంది. దానికి తోడు, అలవాటైపోయిన పని వారికి పనిలాగే కనిపించదు. ఉదాహరణలోని ఇంజినీర్ ప్రతి రిలీజ్‌కు తుది ఆమోదం ఇస్తున్నది ఆమేనన్న విషయం పాత బయోలో మాటమాత్రంగానైనా లేదు. మేనేజర్ క్లయింటుకు చెప్పదలచుకున్నది సరిగ్గా అదే.

ఆటోమేషన్ వాక్యానికి ఆమె పట్టీ ఇలా తయారైంది. అంతకుముందు ప్రతి రిలీజ్‌కూ పాత పనులన్నీ మళ్లీ సరిగా జరుగుతున్నాయా లేదా అని ముగ్గురు మనుషులు చేత్తో పరీక్షించేవారు. 6 పనిదినాలు పట్టేది. 2021లో ఆమె ఆటోమేషన్ ప్రతిపాదన రాశారు, టూల్ ఎంచుకున్నారు, పరీక్షలను వాటంతటవే నడిపే స్క్రిప్టుల నిర్మాణాన్ని రూపొందించారు. మొత్తం 650 స్క్రిప్టులలో 400 ఆమె రాశారు, మిగతావి ఇద్దరు సహోద్యోగులు రాశారు. ఇప్పుడు అదే పరీక్ష 2 రోజుల్లో పూర్తవుతోంది. రిలీజ్ మేనేజర్‌ను అడిగితే ధ్రువీకరిస్తారు, రిలీజ్ రికార్డులలో తేదీలు కూడా ఉన్నాయి.

ఇక్కడ ఆగి, ఆ చివరి లెక్కను పరిశీలించాలి. ఫలితాన్ని అంకెల్లో చెప్పేటప్పుడు జరిగే పొరపాట్లలో పెద్దది, మార్పు మొత్తాన్నీ ఒకే కారణానికి కట్టేయడం. రికార్డులు తిరగేసినప్పుడు ఆమెకు కనిపించిందేమిటంటే, ఆటోమేషన్ అమల్లోకి వచ్చిన కొన్ని నెలల తర్వాత సంస్థ సర్వర్లను కూడా మార్చింది. పాత సర్వర్ల మీద, ఆటోమేషన్‌తో జరిగిన రిలీజ్‌లలో పరీక్షకు 3 రోజులు పట్టింది. 3 కాస్తా 2 అయింది కొత్త సర్వర్ల వల్ల. అంటే ఆమె పని వల్ల వచ్చిన మార్పు 6 నుంచి 3కు, సరిగ్గా సగం. బయోలో రాయవలసింది ఆ సగమే. 2 అనే అంకె చూడటానికి ఇంకా బాగుంటుంది గానీ, సమావేశంలో క్లయింటు "ఎలా తగ్గింది?" అని అడిగిన క్షణంలో సర్వర్ల సంగతి బయటికి వస్తుంది, ఆ తర్వాత బయోలోని మిగతా వాక్యాలను కూడా అనుమానంగానే చూస్తారు. వినయం ఎక్కువైన బయోను సరిచేస్తున్నప్పుడే ఈ జాగ్రత్త ఎక్కువ అవసరం, ఎందుకంటే తక్కువ చెప్పామన్న ఒత్తిడిలో చేయి రెండో వైపుకు సులువుగా జారుతుంది.

మిగిలిన వాక్యాల పట్టీ త్వరగానే పూర్తయింది. బిల్లింగ్ టెస్టింగ్‌లో ఆమె 2016 నుంచి ఉన్నారు, అందులోనూ పన్ను లెక్కల భాగాన్ని ఎక్కువగా చూశారు. కొత్తవారికి "కొద్దిపాటి విషయాలు చెప్పడం" అన్నది నిజానికి ఆమె రాసిన శిక్షణ పాఠ్యం. 2019 నుంచి విభాగంలో చేరిన 11 మంది టెస్టర్లు దానితోనే శిక్షణ పొందారు.

అంకెలు లేని ఉద్యోగాలు కూడా ఉంటాయి. అప్పుడు అంకె కోసం వెతుక్కుని తయారు చేయకుండా, మారిన స్థితిని చెప్పాలి: ఇంతకుముందు లిఖితపూర్వక విధానం లేదు, ఇప్పుడు ఉంది, ఇంతకుముందు ఫిర్యాదులు మూడు విభాగాల మధ్య తిరిగేవి, ఇప్పుడు ఒకే చోటికి వస్తున్నాయి. ముందు, తర్వాత అనే తేడా స్పష్టంగా ఉంటే అంకె లేకపోయినా వాక్యం నిలుస్తుంది.

నాలుగో మెట్టు: వాటాకు తగిన క్రియ

పట్టీ సిద్ధమయ్యాక, ప్రతి పనికీ ఆమె వాటాకు సరిపోయే క్రియను ఎంచుకోవాలి. పాల్గొన్నారు, సహకరించారు, రాశారు, రూపొందించారు, నిర్వహించారు, నాయకత్వం వహించారు, ప్రారంభించారు అనే క్రియలలో ఒక్కొక్కటి ఒక్కో వాస్తవాన్ని ప్రకటిస్తుంది. "నిర్వహించారు" అంటే రోజువారీ నిర్ణయాలు ఆ వ్యక్తివని అర్థం. "నాయకత్వం వహించారు" అంటే ఇతరులు ఆ వ్యక్తి చెప్పిన ప్రకారం పనిచేశారని, తప్పు జరిగితే జవాబు చెప్పవలసింది ఆ వ్యక్తేనని అర్థం. వినయస్థులు ఈ వరుసలో తమకు తగినదానికంటే రెండు మెట్లు కింద నిలబడతారు. ఆమె "రూపొందించారు" దగ్గర ఉండవలసింది "సహాయపడ్డాను" దగ్గర ఆగారు.

సరైన మెట్టును తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. ఆ వాక్యాన్ని, ఆ పనిలో కలిసి పనిచేసిన సహోద్యోగుల ఎదుట గట్టిగా చదువుతున్నట్టు ఊహించుకోవాలి. వారిలో ఎవరైనా "అదేమిటి, నేను కూడా రాశాను కదా" అనే అవకాశం ఉంటే క్రియ ఒక మెట్టు ఎక్కువైనట్టు. "అంతేనా, మొత్తం మీరే కదా చేసింది" అంటే ఒక మెట్టు తక్కువైనట్టు. ఎవరూ తల ఎత్తకపోతే అదే సరైన క్రియ. వీలైతే ఊహించుకోవడంతో ఆపకుండా ఒక్కరికైనా నిజంగా చదివి వినిపించడం మేలు.

బృందం సంగతి ఇక్కడే తేలుతుంది. తమ పేరుతో చెబితే తోటివారి శ్రమను కాజేసినట్టవుతుందన్న భయంతోనే చాలామంది "మా బృందం" వెనుక నిలబడతారు. ఆ భయం న్యాయమైనదే, దానికి పరిష్కారం మాత్రం తనను తాను తుడిచేసుకోవడం కాదు, ఇద్దరి వాటానూ ఒకే వాక్యంలో చెప్పడం. "నిర్మాణాన్ని ఈమె రూపొందించి, ఇద్దరు సహోద్యోగులతో కలిసి స్క్రిప్టులు రాశారు" అన్న వాక్యంలో ఎవరికీ అన్యాయం జరగలేదు. ఒంటరిగా అంతా చేశానన్న వాక్యం కంటే ఇదే నమ్మదగినదిగా ఉంటుంది, ఎందుకంటే ఇంత పెద్ద పని ఒక్కరే చేయరని చదివేవారికీ తెలుసు.

అయిదో మెట్టు: వరుస, ఆ తర్వాత రాత

ప్రతిపాదన చదివేవారు ఇలాంటి పేజీలో ఒక్కొక్కరి మొదటి వాక్యం చదివి, ఆసక్తి కలిగితేనే ముందుకు వెళతారు. అందుకే మొదటి వాక్యం ఒక్కటే చదివి ఆపేసినా నష్టం లేనట్టుగా ఉండాలి: హోదా, రంగం, ఎప్పటి నుంచి, ప్రత్యేకంగా ఏ భాగం. రెండో వాక్యంలో అన్నిటికంటే బలమైన పని, దాని ఫలితంతో సహా రావాలి. చివరి వాక్యం ఈ ప్రాజెక్టులో ఆ వ్యక్తి ఏం చేయబోతున్నారో చెప్పాలి. బయో ఎక్కడ వాడబోతున్నారన్న దాన్ని బట్టి ఈ చివరి వాక్యం మారుతుంది. సదస్సులో ప్రసంగానికైతే ప్రసంగ విషయంతో సంబంధం, సంస్థ బృంద పేజీకైతే ప్రస్తుత బాధ్యత.

రాసే ముందు, మొదట చెప్పిన విశేషణాల దారిలో వెళితే ఏమయ్యేదో చూద్దాం:

"సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో అపార అనుభవం గల నిష్ణాతురాలైన ఈమె, ఆటోమేషన్ రంగంలో విప్లవాత్మక మార్పులు తెచ్చి, ఎందరో యువ టెస్టర్లను తీర్చిదిద్దారు."

పాత బయో కంటే ఇది బిగ్గరగా ఉందే తప్ప ఇందులో సమాచారం ఎక్కువ లేదు. ఎంత అనుభవం, ఏ మార్పు, ఎందరు అన్న ప్రశ్నలకు ఇక్కడా జవాబు లేదు. అసలు వినయపు బయోకూ ఈ బయోకూ లోపం ఒక్కటే. ఇప్పుడు పట్టీ నుంచి నేరుగా రాసినది చూడండి:

"ఈమె 2016 నుంచి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షిస్తున్న సీనియర్ టెస్ట్ ఇంజినీర్, పన్ను లెక్కల పరీక్షలో ప్రత్యేక అనుభవం ఉంది. 2021లో విభాగపు ఆటోమేటెడ్ టెస్టింగ్ వ్యవస్థను రూపొందించి, ఇద్దరు సహోద్యోగులతో కలిసి 650 స్క్రిప్టులు రాసి, రిలీజ్‌కు ముందు జరిపే పరీక్షల సమయాన్ని సగానికి తగ్గించారు. ఈమె రాసిన శిక్షణ పాఠ్యంతో 2019 నుంచి 11 మంది టెస్టర్లు శిక్షణ పొందారు. ఈ ప్రాజెక్టులో టెస్ట్ ప్రణాళిక రూపకల్పన, ప్రతి రిలీజ్‌కు తుది ఆమోదం ఈమె బాధ్యతలు."

పాత బయో ఎంత పొడవుందో ఇది కూడా దాదాపు అంతే పొడవుంది. ఇందులో పొగడ్త మాట ఒక్కటీ లేదు. "ప్రత్యేక అనుభవం" అన్నది ఒక్కటే దానికి దగ్గరగా వస్తుంది, దానికీ పట్టీలో ఆధారం ఉంది. కొన్ని చిన్న నిర్ణయాల వెనుక కారణాలు చెప్పాలి. "తొమ్మిదేళ్లుగా", "పదేళ్లుగా" అని కాకుండా "2016 నుంచి" అని రాయడం వల్ల బయో ఏడాది తర్వాత కూడా తప్పు కాదు. 400 స్క్రిప్టులు తనవన్న లెక్కను ఆమె వదిలేశారు, ఎందుకంటే ఆ లెక్క సహోద్యోగులతో పోటీలా వినిపిస్తుంది, క్లయింటుకు దానితో పని లేదు. అడిగితే చెప్పడానికి అది పట్టీలో ఉంటే చాలు. రోజుల లెక్క బదులు "సగానికి" అని రాయడానికి ఇంకో కారణం ఉంది: సంస్థ లోపలి పని వ్యవధులు బయటివారికి చెప్పకూడని సమాచారం కావచ్చు. ఇలాంటి అంకెలకు, పాత క్లయింట్ల పేర్లకు రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. అనుమతి రాకపోతే నిష్పత్తి చెప్పవచ్చు, పేరు బదులు రంగం చెప్పవచ్చు.

ఆరో మెట్టు: సరిచూడడం

కొత్త బయోను ఒక రాత్రి పక్కన పెట్టి, మర్నాడు ప్రతి వాక్యం తర్వాతా "ఎలా?", "ఎంత?", "ఎవరు చెప్పారు?" అని అడుగుతూ చదవాలి. ఏ ప్రశ్నకైనా జవాబు పట్టీలో దొరక్కపోతే ఆ వాక్యాన్ని తగ్గించాలి లేదా తీసేయాలి. ఆ తర్వాత విశేషణాలన్నీ కొట్టేసి చూడాలి. బయో బలహీనపడితే దాని బరువు వాస్తవాల మీద లేదని తెలుస్తుంది. పాత చిన్నబుచ్చే మాటలు వేరే వేషంలో తిరిగి వచ్చాయేమో కూడా గమనించాలి. "ప్రయత్నించారు", "తోడ్పడే దిశగా కృషి చేశారు" వంటివి గౌరవంగా కనిపిస్తాయి గానీ, పని పూర్తయిందా లేదా అన్నది దాచేస్తాయి. పని పూర్తయి ఉంటే "ప్రయత్నించారు" అనడం తప్పుడు సమాచారమే.

చదువుతుంటే ఇబ్బందిగా అనిపించడం లోపానికి గుర్తు కాదు. తమ గురించి తగ్గించి రాసే అలవాటున్నవారికి నిజం కూడా గొప్ప చెప్పుకున్నట్టే వినిపిస్తుంది కాబట్టి, ఈ విషయంలో సొంత చెవిని నమ్మలేం. అందుకే ఇబ్బంది ఏ వాక్యం దగ్గర కలిగిందో చూసి, ఆ వాక్యం గురించి మాత్రం పనిని ప్రత్యక్షంగా చూసిన వ్యక్తిని ఒకే ప్రశ్న అడగాలి: "ఇది నిజమేనా?" బాగుందా అని అడగకూడదు. బాగుందా అంటే స్నేహంతో బాగుందంటారు.

ఏడో మెట్టు: మేనేజర్‌కు తిరిగి పంపడం

పాత బయో, కొత్త బయో పక్కపక్కన పెట్టి, కింద వాస్తవాల పట్టీని జత చేసి పంపడం మంచి పద్ధతి. ఏం మారిందో మేనేజర్‌కు వెంటనే కనిపిస్తుంది, అంకెలను క్లయింటు ప్రశ్నిస్తే జవాబు కూడా వారి చేతిలో ఉంటుంది.

ఒక్కోసారి మేనేజర్ ఇంకా ముందుకు నెట్టవచ్చు. ఉదాహరణలో "ఆటోమేషన్ బృందానికి నాయకత్వం వహించారు అని రాద్దాం" అని ఆయన అన్నారనుకుందాం. ఆ ఇద్దరు సహోద్యోగులు ఆమె కింద పనిచేసినవారు కారు. నాలుగో మెట్టులోని పరీక్షకు ఆ క్రియ నిలబడదు. అప్పుడు "వద్దండీ, అంత చేయలేదు" అని వెనక్కి తగ్గితే మేనేజర్‌కు మళ్లీ పాత వినయమే వినిపిస్తుంది, ఒప్పుకుంటే అబద్ధం అచ్చవుతుంది. దానికి బదులు నిజమైన బలమైన వాస్తవాన్ని ఎదురు చూపాలి.

"అప్పుడు బృందానికి లీడ్ వేరే ఉన్నారండీ. కానీ ప్రతిపాదన నాది, డిజైన్ నాది. 'ప్రతిపాదించి, రూపొందించి' అని రాస్తే సరిపోతుందా? అది ఎవరు అడిగినా నిలబడుతుంది."

"సరే, అదే బాగుంది. ప్రతిపాదించింది మీరేనన్న సంగతి నాకూ గుర్తులేదు."

ఇలా ఆ వాక్యం "2021లో విభాగపు ఆటోమేటెడ్ టెస్టింగ్ వ్యవస్థను ప్రతిపాదించి, రూపొందించి" అని మారింది. "నాయకత్వం" కంటే ఇది ఈమె చేసిన పనికి దగ్గరగా ఉంది.

"నిపుణురాలు" వంటి బిరుదును మేనేజర్ చేర్చమన్నప్పుడు కూడా ఇదే దారి: ఆ బిరుదును నిలబెట్టే వాస్తవం పట్టీలో ఉంటే దాన్నే వాక్యంగా రాసి, బిరుదు అక్కర లేదని చూపవచ్చు. సంస్థ తన పేజీలన్నిటిలో అందరికీ అదే మాట వాడుతున్నట్టయితే మాత్రం దాని గురించి పట్టుబట్టడం అనవసరం. అక్కడ అది పొగడ్తగా కాక హోదా పేరుగానే చదువుతారు.

బయో ఆమోదం పొందాక అందులోంచి ఒకే వాక్యంలో ఇమిడే పొట్టి రూపం కూడా తయారు చేసి ఉంచుకోవాలి, ఎందుకంటే ఆ తర్వాతి అభ్యర్థన తరచు "రెండు లైన్లలో పంపండి" అనే వస్తుంది, హడావుడిలో రాసేటప్పుడు పాత అలవాటు తిరిగి వస్తుంది. మన ఉదాహరణకు అది ఇలా ఉంటుంది: "2016 నుంచి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షిస్తున్న ఈ సీనియర్ టెస్ట్ ఇంజినీర్, తాను రూపొందించిన ఆటోమేటెడ్ వ్యవస్థతో రిలీజ్ పరీక్షల సమయాన్ని సగానికి తగ్గించారు." వాస్తవాల పట్టీని మాత్రం పారేయకుండా, వార్షిక మదింపు జరిగే ప్రతిసారీ ఆ ఏడాది చేసిన పనులను ముందు, తర్వాత, ఆధారం అనే వివరాలతో సహా దానికి చేరుస్తూ పోవాలి, తర్వాతిసారి బయో అడిగినప్పుడు రెండో మెట్టు, మూడో మెట్టు మళ్లీ మొదటి నుంచి చేయవలసిన పని ఉండదు.